తర్వాతి ప్రశ్న ఎక్కణ్ణుంచి వస్తుంది?

(విజయవాడలో నర్సింగ్ విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర సభలో అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్న అమ్మాయిలు కొంచెం ముందుకొచ్చి కూర్చోండమ్మా, తెర మీద అంకెలు చిన్నగా పడుతున్నాయి.

ఈ హాల్లో సగం మందికి ఎన్‌క్లెక్స్ రాయాలని ఉంది. అమెరికాలో నర్సుగా లైసెన్సు కావాలంటే రాయాల్సిన పరీక్ష. దాని గురించి మీరు విన్న కబుర్లన్నీ నేనూ విన్నాను. "ఎనభై అయిదో ప్రశ్నకే స్క్రీన్ ఆగిపోయింది, అంటే పాసే." "కాదు, ఆగిపోతే ఫెయిలే." "ప్రశ్నలు తేలిగ్గా వస్తున్నాయంటే పని అయిపోయినట్టే." వీటిలో ఏది నిజమో తేలాలంటే ఒక్క సంగతి తెలియాలి. మీరు ఒక జవాబు నొక్కాక, రెండో క్షణంలో తెర మీదికొచ్చే ప్రశ్నని ఎవరు, ఏ లెక్కన ఎంచుతున్నారు? ఈ పూట అదొక్కటే చెప్తాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. కంప్యూటర్ మీద రాసే ప్రతి పరీక్షా అడాప్టివ్ కాదు. మన ఈఏపీసెట్ కంప్యూటర్ మీదే జరుగుతుంది, కానీ ఒక షిఫ్టులో కూర్చున్న వాళ్ళందరికీ ప్రశ్నలు అవే. మీరు ఏం నొక్కినా తర్వాతి ప్రశ్న మారదు. షిఫ్టుకీ షిఫ్టుకీ ఉన్న తేడాని తర్వాత నార్మలైజేషన్‌తో సరిచేస్తారు. అడాప్టివ్ పరీక్షలో అలా కాదు. పక్క సీట్లో కూర్చున్నామె ప్రశ్నలు వేరు, మీవి వేరు, రెండూ మీ మీ జవాబుల్ని బట్టే తయారవుతాయి. ఎన్‌క్లెక్స్ 1994 నుంచి ఇలాగే నడుస్తోంది. జీఆర్‌ఈ అంతకు ఏడాది ముందే మొదలుపెట్టింది, 2011లో మాత్రం ప్రశ్న ప్రశ్నకీ మారే పద్ధతి మానేసి సెక్షన్ సెక్షన్‌కీ మారే పద్ధతికి వెళ్ళింది.

వస్త్రలతలో చీరల కొట్టుకి వెళ్ళారనుకోండి. సేల్స్‌మన్ మీ బడ్జెట్ అడగడు. ఒక మధ్యరకం చీర విప్పి పరుస్తాడు. మీరు అంచు పట్టుకు చూస్తే ఇంకో మెట్టు పైది తీస్తాడు, మొహం పక్కకి తిప్పితే కింది అర నుంచి తీస్తాడు. నాలుగు చీరలు పడేసరికి మీరు ఎంతలో కొంటారో అతనికి తెలిసిపోతుంది. అడాప్టివ్ పరీక్ష చేసేది ఇదే, కాకపోతే మొహం చూసి కాదు, లెక్క వేసి. ఇక చీరలు వదిలేసి లెక్కలోకి వెళ్దాం.

ఈ లెక్కకి పునాది వేసినవాళ్ళలో ఒకాయన డెన్మార్క్ గణితవేత్త గెయార్గ్ రాష్. 1960లో ఆయన పుస్తకం వచ్చింది. ఎన్‌క్లెక్స్ వాడేది ఆయన నమూనానే. ఆయన చేసిన పని చూడ్డానికి చిన్నది. అభ్యర్థి సామర్థ్యాన్నీ ప్రశ్న కష్టాన్నీ ఒకే కొలబద్ద మీద పెట్టాడు. అసలు కొలత పేరు లాజిట్, అందులో మైనస్‌లూ దశాంశాలూ వస్తాయి. మనకి తేలిగ్గా ఉండాలని నేను సున్నాని 500 చేశాను, ఒక లాజిట్‌ని 100 పాయింట్లు చేశాను. తెర మీద చూడండి:

```
P = 1 / (1 + exp(-(theta - b) / 100))
```

ఇందులో theta మీ సామర్థ్యం, b ప్రశ్న కష్టం, P మీరు ఆ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పే అవకాశం. సూత్రం చూసి భయపడకండి, నాలుగు ఫలితాలు గుర్తుంటే చాలు. మీరూ ప్రశ్నా ఒకే చోట ఉంటే అవకాశం 50 శాతం. మీరు ప్రశ్న కంటే 100 పాయింట్లు పైనుంటే 73 శాతం. 200 పైనుంటే 88. 300 పైనుంటే 95. మీరు కిందుంటే అవే అంకెలు తిరగబడతాయి, 27, 12, 5.

ఇప్పుడు అసలు మాట. కంప్యూటర్ దగ్గర వేల ప్రశ్నలున్నాయి. మీ గురించి ఎక్కువ తెలుసుకోవాలంటే ఏది అడగాలి?

ఒక తేలిక ప్రశ్న చూద్దాం. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కించాలి, సెట్ మిల్లీలీటర్‌కి 15 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? 500ని 15తో గుణించి 240తో భాగిస్తే 31 చిల్లర. మీలో దాదాపు అందరూ చేస్తారు. చేస్తారని ముందే తెలిసినప్పుడు, చేశాక నాకు కొత్తగా తెలిసిందేమిటి? ఏమీ లేదు. అదే డిగాక్సిన్ మీదున్న రోగికి పల్స్ 52, పొటాషియం 3.0, వాంతులు, చూపు పచ్చగా కనిపిస్తోందంటున్నాడు, నాలుగు పనుల్లో ముందు ఏది చేస్తావు అని అడిగితే, కొందరు తేల్చుకోలేరు. ఆ డోసు ఆపి డాక్టరుకి చెప్పాలన్నది తట్టేవాళ్ళు ఉంటారు, పల్స్ మళ్ళీ చూద్దాం అని తప్పు ఆప్షన్ నొక్కేవాళ్ళూ ఉంటారు. ఫలితం ఎటైనా పోగలిగిన చోటే నాకు సమాచారం దొరుకుతుంది.

దీనికి కొలత ఉంది. అవకాశాన్ని దాని మిగులుతో గుణించాలి, అంతే. 50 శాతం దగ్గర 0.5 × 0.5, అంటే 0.25. 73 శాతం దగ్గర 0.20కి కాస్త తక్కువ. 88 దగ్గర 0.105. 95 దగ్గర 0.05 లోపే. దీన్ని ప్రశ్న ఇచ్చే సమాచారం అంటారు. మీకు 200 పాయింట్లు కిందున్న ప్రశ్నలు రెండు అడిగినా, మీ స్థాయిలో ఒక్క ప్రశ్న అడిగినంత తెలియదు. అందుకే కంప్యూటర్ మీ స్థాయికి దగ్గరగా ఉన్న ప్రశ్నని వెతుకుతుంది. మీకు సగం సగం అవకాశం ఉన్న ప్రశ్న అన్నమాట.

కానీ మీ స్థాయి ముందే తెలిస్తే పరీక్ష ఎందుకు? కాబట్టి అంచనా వేసుకుంటూ, దిద్దుకుంటూ పోవాలి. ఒక అభ్యర్థిని తీసుకుని ఐదు ప్రశ్నలు నడిపిద్దాం. పేరు లలిత అనుకుందాం, కల్పితమే.

లలిత సీట్లో కూర్చునే సరికి ఆమె గురించి యంత్రానికి ఏమీ తెలియదు. అందుకని ఈ పరీక్ష రాసేవాళ్ళు సుమారు 500 చుట్టూ ఉంటారు, అటూ ఇటూ 100 పాయింట్ల తేడాతో, అని ఒక తొలి నమ్మకంతో మొదలవుతుంది. అంచనా 500, ఎర్రర్ 100. మొదటి ప్రశ్న 500 కష్టానిది. లలిత సరిగ్గా చెప్పింది.

ఇప్పుడు అంచనా ఎంత పెంచాలి? ఇక్కడ కొంచెం ఆగి చూడండి, మొత్తం యంత్రాంగం ఇక్కడే ఉంది. రెండు బలాలు లాగుతుంటాయి. సరైన జవాబు పైకి లాగుతుంది, తొలి నమ్మకం 500 వైపు వెనక్కి లాగుతుంది. లలిత 540 అనుకుంటే, 500 ప్రశ్నకి ఆమె అవకాశం 60 శాతం. అంటే 0.60 ఆశించాం, 1 వచ్చింది, మిగులు 0.40 పైకి లాగుతోంది. తొలి నమ్మకం నుంచి ఆమె 40 పాయింట్లు జరిగింది, అంటే 100లో 0.40 వంతు, అది కిందికి లాగుతోంది. రెండూ సరిసమానం. కాబట్టి కొత్త అంచనా 540. గాల్లోంచి తీసిన అంకె కాదు.

తొలి నమ్మకం లేకపోతే ఏమవుతుందో తెలుసా? ఒకటే ప్రశ్న, అదీ సరైనది. పైకి లాగే బలం ఒక్కటే ఉంది, ఆపేది లేదు, అంచనా అనంతానికి పోతుంది. మొదటి ప్రశ్న తప్పితే పాతాళానికి. కనీసం ఒక తప్పూ ఒక ఒప్పూ పడేదాకా ఆ లెక్క నిలబడదు. అందుకే ఏదో ఒక ఊతం పెడతారు.

రెండో ప్రశ్న 540కి దగ్గరలోది వెతికారు, 540దే దొరికింది. లలిత మళ్ళీ సరిగ్గా చెప్పింది. అవే బలాలు మళ్ళీ సరితూగించాలి, ఈసారి రెండు జవాబులూ కలిపి. అంచనా 574. మూడో ప్రశ్న 570ది ఇచ్చారు. తప్పింది. అంచనా 544కి దిగింది. నాలుగోది 550ది, సరైనది, 570కి ఎక్కింది. ఐదోది 570ది, తప్పు, 548కి వచ్చింది.

అడుగుల సైజు గమనించండి. మొదట 40, తర్వాత 34, 30, 26, 22. ఎవరూ అడుగులు తగ్గించమని ప్రోగ్రాంలో రాయలేదు. పాత జవాబులు పోగయ్యే కొద్దీ ఒక్క కొత్త జవాబు మొత్తాన్ని కదిలించే శక్తి తగ్గుతుంది. ఎర్రర్ కూడా 100 నుంచి 90, 83, 76, 71, ఐదో ప్రశ్నకి 67కి వచ్చింది. ఈ పద్ధతిలో ఎర్రర్‌ని 30కి తేవాలంటే సుమారు 40 ప్రశ్నలు పడతాయి. అదే లలితకి 200 పాయింట్ల దూరంలో ఉన్న ప్రశ్నలే ఇస్తూ పోతే 95 దాటాలి. తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి. ప్రతిసారీ సగం అవకాశమున్న ప్రశ్నే వస్తుంది కాబట్టి, 650లో ఉన్న అమ్మాయీ 400లో ఉన్న అమ్మాయీ ఇద్దరూ ఇంచుమించు సగం ప్రశ్నలే సరిగ్గా చెప్పి బయటికొస్తారు. "నాకు సగం తప్పులు పోయాయి సార్" అని ఏడవడంలో అర్థం లేదు. ఎన్ని ఒప్పులన్నది కాదు, ఎంత కష్టమైనవాటిలో సగం ఒప్పులన్నది లెక్క. మన దగ్గర ఫస్ట్ క్లాస్ అమ్మాయిలు ఈ పరీక్షలో హైరానా పడేది ఇందుకే. జీవితంలో ఎప్పుడూ వందకి తొంభై తెచ్చుకున్న పిల్లకి, ప్రతి రెండో ప్రశ్నా తెలియనట్టే అనిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది శుద్ధమైన లెక్క. నిజంగా జరిగే పరీక్షలో అన్నిటికంటే దగ్గరి ప్రశ్నని యంత్రం ప్రతిసారీ ఇవ్వదు, ఇవ్వకూడదు. ఒకటి, సిలబస్ వాటాలుంటాయి. మందుల మీద ఇన్ని, ఇన్ఫెక్షన్ కంట్రోల్ మీద ఇన్ని, మానసిక ఆరోగ్యం మీద ఇన్ని. కాబట్టి ముందు ఏ విభాగం వెనకబడిందో చూసి, అందులో మీ అంచనాకి దగ్గరగా ఉన్నదాన్ని తీస్తారు. రెండోది ఇంకా పెద్ద తలనొప్పి. అందరూ 500 దగ్గరే మొదలవుతారు కదా, 500 దగ్గరున్న ఒకటే "మేలైన" ప్రశ్న ఊరందరికీ మొదటి ప్రశ్నగా వస్తే? పది రోజుల్లో అది కోచింగ్ సెంటర్ల నోట్సులో ఉంటుంది. 1994లో అమెరికాలో ఒక కోచింగ్ సంస్థ తన మనుషుల్నే జీఆర్‌ఈకి పంపింది, వాళ్ళు గుర్తుపెట్టుకొచ్చిన ప్రశ్నల్ని పోగేసి, చూడండి మీ ప్రశ్నల నిధి ఎంత చిన్నదో అని చూపించింది. పరీక్ష పెట్టేవాళ్ళు కోర్టుకి వెళ్ళారు, పరీక్ష తేదీలూ తగ్గించుకోవాల్సొచ్చింది. అందుకని దగ్గరున్న ఐదారు ప్రశ్నల్లోంచి చీటీ తీసినట్టు ఒకటి తీయడమో, ఎక్కువ మంది చూసేసిన ప్రశ్నని పక్కన పెట్టడమో చేస్తారు. దానివల్ల ఒక్కో ప్రశ్న ఇచ్చే సమాచారం కొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి, బయటికి పొక్కిన ప్రశ్న ఇచ్చే సమాచారం అంతకంటే తక్కువ.

ఇక ఆగడం గురించి. ఎన్‌క్లెక్స్‌లో కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150. వాటిలో 15 లెక్కలోకి రావు, అవి కొత్త ప్రశ్నల కష్టం తెలుసుకోడానికి కలిపినవి. కాబట్టి 85 దగ్గర లెక్కలో ఉన్నవి 70. అన్నీ మీ స్థాయికి దగ్గరవే అయితే నా కొలబద్దలో ఎర్రర్ సుమారు 24. పాస్ గీతని 2013లో సున్నా లాజిట్ దగ్గర పెట్టారు, 2023లో కూడా కదల్చలేదు. మన లెక్కలో 500. నియమం ఏమిటంటే, మీరు గీతకి పైనో కిందో 95 శాతం నమ్మకంతో చెప్పగలిగితే ఆపేయడం. మోటుగా ఎర్రర్‌కి రెండింతలు, 48 పాయింట్లు తీసుకోండి. ఒకామె అంచనా 570. తగ్గించి చూసినా 522, గీతకి పైనే. 85కే ఆగుతుంది, పాస్. ఇంకొకామె 430. పెంచి చూసినా 478. ఆమెకీ 85కే ఆగుతుంది, ఫెయిల్. మూడో ఆమె 510. 462 నుంచి 558 దాకా, గీత మధ్యలో ఉంది, ఏమీ చెప్పలేం, ఇంకా అడగాలి. 150 దాకా వెళ్ళినా ఎర్రర్ 17 దగ్గరే ఆగుతుంది, అప్పుడు చివరి అంచనా గీతకి పైనుందా లేదా అన్నదొక్కటే చూస్తారు. కాబట్టి 85కే ఆగిందంటే మీరు గీతకి దూరంగా ఉన్నారని అర్థం. ఎటు దూరం అన్నది ఆ సంఖ్య చెప్పదు.

ప్రశ్నలుంటే అడగండి.

*సార్, మొదటి పది ప్రశ్నలే స్కోరు తేలుస్తాయి, వాటి మీద ఎక్కువ టైము పెట్టమని మా కోచింగ్‌లో చెప్పారు. నిజమేనా?*

అడుగులు మొదట్లో పెద్దవి కాబట్టి అలా అనిపిస్తుందమ్మా. లలిత మొదటి ప్రశ్న తప్పిందనుకో. 460కి పడుతుంది. రెండోది 460ది ఇస్తారు, అది సరిగ్గా చెప్తే 493కి లేస్తుంది. ఒక్క జవాబుతో. చివరి అంచనా అన్ని జవాబులూ కలిపి వేసేది, ఏది ముందొచ్చింది ఏది వెనకొచ్చింది అన్నది రాష్ లెక్కలో లేదు. మొదటి పదికీ టైమంతా పోసి చివరి ముప్ఫై గబగబా నొక్కితే, ఆ ముప్ఫై తప్పులే నిన్ను కిందికి లాగుతాయి.

*వెనక్కి వెళ్ళి జవాబు మార్చుకోనివ్వరు ఎందుకు సార్? అది అన్యాయం కదా?*

మామూలు అభ్యర్థికి కొంచెం అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ గడుసువాళ్ళున్నారు. వెనక్కి వెళ్ళనిస్తే మొదటి సారి కావాలని అన్నీ తప్పు నొక్కుతారు. యంత్రం తేలిక ప్రశ్నలు ఇస్తూ పోతుంది. చివర్లో వెనక్కొచ్చి అన్నీ సరిచేస్తారు. వచ్చిన ప్రశ్నలన్నీ తేలికవే, అన్నీ ఒప్పులే, తప్పొప్పులు కలవలేదు కాబట్టి పై హద్దు తెలియదు. ఇంకో గడుసు ఎత్తు, తర్వాతి ప్రశ్న తేలిగ్గా అనిపిస్తే ఇందాకటిది తప్పిందని పసిగట్టి వెనక్కెళ్ళి మార్చడం. జీమ్యాట్ కొత్త రూపంలో మధ్యేమార్గం పట్టారు. సెక్షన్ అంతా అయ్యాక, ప్రశ్నలు ఇక మారవు అన్నాక, మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు.

*(ఒక అధ్యాపకుడు) గుంటూరులో మా దగ్గర ఆరేడు వందల ఎంసీక్యూలున్నాయండీ, ఈజీ, మీడియం, హార్డ్ అని మేమే పెట్టుకున్నాం. ఒప్పు చెప్తే హార్డ్, తప్పు చెప్తే ఈజీ ఇచ్చేలా మాక్ టెస్ట్ చేయించాం. అది అడాప్టివే కదా?*

ప్రశ్న మారుతుంది కాబట్టి పేరుకి అడాప్టివేనండి. కొలత మాత్రం అందులో లేదు. ఒక్క చివరి జవాబు చూసే పైకీ కిందికీ పోతోంది, ముందటి జవాబులన్నీ మర్చిపోతోంది. ఇంతకంటే పెద్ద లోటు ఆ హార్డ్, ఈజీ అన్నవి మీ అభిప్రాయాలు కావడం. మనకి చెప్పడం కష్టమైన పాఠం పిల్లలకి ప్రశ్నగా కష్టం కానక్కర్లేదు. ముందు మామూలు పేపరుగా ఒక రెండు మూడు వందల మందికి ఆ ప్రశ్నలు ఇచ్చి, ఎంతమంది సరిగ్గా చెప్పారో రాసుకోండి. మోటు లెక్కలో, తరగతి సగటు 500 అనుకుంటే, సగం మంది చెప్పింది 500 ప్రశ్న, 73 శాతం చెప్పింది 400 ప్రశ్న, 27 శాతమే చెప్పింది 600 ప్రశ్న. ఆ అంకెలు పెట్టుకుని ఇందాకటి రెండు బలాల లెక్క స్ప్రెడ్‌షీట్‌లోనే చేయొచ్చు.

ఆ తర్వాత ఒకటి చూస్తుండండి. పరీక్ష నడిచాక పిల్లలు ఒక్కొక్కరు ఎంత శాతం ఒప్పులు చెప్పారో తీయండి. యాభై చుట్టూ ఉంటే ఎంపిక సరిగ్గా జరుగుతోంది. బాగా చదివే పిల్లలకి ఎనభై దాటుతోందంటే, వాళ్ళ స్థాయి ప్రశ్నలు మీ దగ్గర అయిపోయాయి, యంత్రం దొరికిన తేలిక ప్రశ్నలే పెడుతోందని అర్థం. అప్పుడు సాఫ్ట్‌వేర్‌ని తిట్టకండి. 650, 700 దగ్గర పడే ప్రశ్నలు ఇంకో వంద రాయించండి.